యాప్‌లు చూపే కేలరీల సంఖ్యతో మొదలుపెట్టి, రెండు వారాల తర్వాత దాన్ని సరిదిద్దుకోవడం ఎలా?

ప్రశ్న: "నా వయసు 38, ఎత్తు 170 సెం.మీ., బరువు 84 కిలోలు. సిరిపురంలో ఆఫీసు ఉద్యోగం, రోజంతా కూర్చునే పని. సాయంత్రం బీచ్ రోడ్డులో 40 నిమిషాలు నడుస్తాను. బరువు తగ్గాలని రోజుకి ఎన్ని కేలరీలు కావాలో చూస్తే ఒక యాప్ 2,060, ఇంకోటి 2,360, మరోటి 2,660 అని చూపించాయి. దేన్ని నమ్మాలి? తప్పు సంఖ్యతో మొదలుపెడితే ఆ సంగతి నాకు తెలిసేదెలా?"

సమాధానం:

మీ రోజువారీ ఖర్చు 2,200 కేలరీలని ప్రస్తుతానికి అనుకోండి. అందులో 400 తగ్గించి రోజుకు 1,800 చొప్పున తినడం మొదలుపెట్టండి. మొదటి మూడు రోజులను లెక్కలోంచి వదిలేసి, నాలుగో రోజు నుంచి 14 రోజుల పాటు రోజూ ఉదయం బరువు చూసి రాసుకోండి. మొదటి ఏడు రోజుల సగటుకూ, తర్వాతి ఏడు రోజుల సగటుకూ మధ్య తేడా ఎంతో చూడండి. అంచనా సరైనదైతే ఆ తేడా 360 గ్రాముల దగ్గర ఉండాలి. అంతకన్నా ఎక్కువ తగ్గినా, తక్కువ తగ్గినా, ప్రతి 100 గ్రాముల తేడాకు రోజుకు 110 కేలరీల చొప్పున మీ అంచనాలో తప్పు ఉన్నట్టు లెక్క. అయితే ఆ తప్పును ఒకేసారి మొత్తం దిద్దకుండా, సగమే దిద్ది మరో రెండు వారాలు చూడండి. ఇలా ఎందుకు చెబుతున్నానో కింద వివరిస్తాను. నేను విశాఖలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఇబ్బంది పడేది సూత్రం దగ్గర కాదు, ఆ తర్వాతి రెండు వారాల దగ్గర.

ముందు మీ మూడు సంఖ్యల సంగతి చూద్దాం. ఆ మూడు యాప్‌లూ వాడినది ఒకే సూత్రం. 1990లో వెలువడిన మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం అది. మగవారికి ఇలా ఉంటుంది:

(10 × బరువు కిలోల్లో) + (6.25 × ఎత్తు సెం.మీ.లో) − (5 × వయసు) + 5

ఆడవారికి చివరన 5 కలపడానికి బదులు 161 తీసివేయాలి. మీ వివరాలు వేస్తే 840 + 1,062.5 − 190 + 5, అంటే సుమారు 1,720 వస్తుంది. ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా మీ గుండె, మెదడు, కాలేయం, కండరాలు రోజు మొత్తంలో ఖర్చుపెట్టే శక్తి ఇది. దీన్ని 1.2తో గుణిస్తే 2,060, 1.375తో గుణిస్తే 2,360, 1.55తో గుణిస్తే 2,660 వస్తాయి. మీ పని గురించి ఒక యాప్‌లో "కూర్చునే పని" అనీ, ఇంకో దానిలో "తేలికపాటి వ్యాయామం" అనీ, మూడో దానిలో "మధ్యస్థ వ్యాయామం" అనీ ఎంచుకుని ఉంటారు. 600 కేలరీల తేడా అంతా ఆ ఒక్క ఎంపికలోంచే వచ్చింది.

సూత్రం మార్చినంత మాత్రాన ఇంత తేడా రాదు. 1919 నాటి హ్యారిస్–బెనెడిక్ట్ సూత్రంతో మీ విశ్రాంతి ఖర్చు 1,815 వస్తుంది. రెంటికీ మధ్య తేడా వంద కూడా లేదు. అందువల్ల ఏ సూత్రం మంచిదన్న చర్చకు నేను ఎక్కువ సమయం ఇవ్వను. మిఫ్లిన్ సూత్రమే వాడతాను, అది కూడా చాలామంది విషయంలో 10 శాతం వరకు అటూ ఇటూ అవుతుందని గుర్తుపెట్టుకుంటాను. అమెరికాలో 498 మందిని కొలిచి తయారుచేసిన సూత్రం అది. మన శరీర నిర్మాణాలకు అది అచ్చంగా సరిపోతుందని ఆశించకూడదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణాల్లో కూర్చుని పనిచేసే పురుషుడికి 2,110 కేలరీలని ఉంటుంది. అది 65 కిలోల నమూనా పురుషుడికి, జనాభా మొత్తాన్ని దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క. దాన్ని నేరుగా మీకు అన్వయించకండి.

గుణకం విషయంలో నా పద్ధతి ఇది. ఆఫీసు పని చేసేవారికి 1.2 దగ్గర మొదలుపెట్టి, నడకను విడిగా కలుపుతాను. 84 కిలోల మనిషి మామూలు వేగంతో 40 నిమిషాలు నడిస్తే, కూర్చున్నప్పటి ఖర్చును మినహాయించాక అదనంగా అయ్యేది సుమారు 140 కేలరీలు. 2,060కి 140 కలిపితే 2,200. చేతి గడియారం అదే నడకకు 300 అని చూపవచ్చు. ఆ 300లో మీరు ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేది కూడా కలిసి ఉండే అవకాశం ఉంది, పైగా ఆ పరికరాల అంచనా మనిషి మనిషికీ మారుతుంది. కాబట్టి గడియారం చూపిన సంఖ్యను 2,200 మీద మళ్లీ కలిపి, అంత మేరకు ఎక్కువ తినకండి. నడకను ఒకసారి లెక్కించేశాం.

1.2 మరీ తక్కువ కాదా అని మీకు అనిపించవచ్చు. కొందరి విషయంలో నిజంగానే తక్కువ అవుతుంది. అయినా ఈ మొదటి సంఖ్య పని మొదలుపెట్టడానికి మాత్రమే. దాన్ని నిలబెట్టాలా, మార్చాలా అన్నది బరువు చెబుతుంది.

బరువు చూసే పద్ధతి. ఉదయం లేచి, మలమూత్ర విసర్జన అయ్యాక, కాఫీ టీలు తాగకముందు, తేలికపాటి దుస్తులతో చూడాలి. మెషిన్ రోజూ ఒకే చోట, గట్టి నేల మీద ఉండాలి. చాప మీదో, మెత్తటి పట్టా మీదో పెడితే అంకె మారిపోతుంది. సాయంత్రం నడక ముగించుకుని వచ్చి చూసే అలవాటు ఉంటే మానేయండి. మన ఊరి ఉక్కపోతలో గంటసేపు నడిస్తే అర కిలోకు పైగా చెమట రూపంలో పోవచ్చు. అది నీరు, రెండు గ్లాసుల మంచినీళ్లతో మళ్లీ వచ్చేస్తుంది. స్టీల్ ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేసేవారికి గడియారంలో వేళ కాకుండా, ప్రధానమైన నిద్ర నుంచి లేచిన వెంటనే చూడమని చెబుతాను.

ఒక్క రోజు బరువును చూసి ఏమీ నిర్ణయించకూడదు. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిన్నవారికి సోమవారం ఉదయం 800 గ్రాములు ఎక్కువ కనిపించడం మామూలే. ఒక కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి కనుక, 800 గ్రాముల కొవ్వు పెరగాలంటే ఖర్చయ్యేది పోగా 6,000 కేలరీలు మిగలాలి. ఒక్క భోజనంతో అది సాధ్యం కాదు. బిర్యానీలోని ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం నుంచి వచ్చిన పిండిపదార్థం కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్‌గా నిల్వ అయినప్పుడు, ప్రతి గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీరు తోడు చేరుతుంది. ఇంకా అరగని ఆహారం బరువు కూడా ఉంటుంది. ఇవన్నీ రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి.

ఇదే ప్రక్రియ వెనక్కి కూడా నడుస్తుంది. మీరు తిండి తగ్గించిన మొదటి మూడు రోజుల్లో గ్లైకోజెన్‌తో పాటు ఆ నీరు కూడా పోయి, బరువు ఒక్కసారిగా దిగుతుంది. ఆ రోజులను సగటులో కలిపితే, నిజంగా పోయిన కొవ్వు కన్నా చాలా ఎక్కువ పోయినట్టు తేలుతుంది. మీ ఖర్చు బాగా ఎక్కువని భ్రమపడి తిండి పెంచేస్తారు, మూడో వారానికి బరువు ఆగిపోతుంది. మొదటి మూడు రోజులనూ సగటులో కలపవద్దని చెప్పింది అందుకే. ఆ రోజుల్లో కూడా బరువు చూసి రాసుకోండి, కానీ లెక్కలోకి తీసుకోకండి.

ఇక 110 ఎలా వచ్చిందో చెబుతాను. మొదటి వారపు సగటు ఆ వారం మధ్య రోజును సూచిస్తుంది, రెండో వారపు సగటు రెండో వారం మధ్య రోజును సూచిస్తుంది. రెంటి మధ్య దూరం ఏడు రోజులు. 100 గ్రాములంటే 770 కేలరీలు, ఏడు రోజులకు పంచితే రోజుకు 110. మీరు ఖర్చుకన్నా 400 తక్కువ తింటున్నారంటే వారానికి 2,800 లోటు, అంటే 360 గ్రాములు.

సగమే దిద్దమనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. చాలామందికి రోజువారీ బరువు అర కిలో అటూ ఇటూ ఊగుతుంది. ఏడు రోజుల సగటు తీస్తే ఆ ఊగిసలాట బాగా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. రెండు సగటుల మధ్య తేడాలో 200 గ్రాములు కేవలం నీటి వల్లనే అటూ ఇటూ అయ్యే అవకాశం ఉంది. కేలరీల్లో చెప్పాలంటే అది 220. అందువల్ల రెండు వారాల ఫలితం 150 కేలరీల తప్పును చూపిస్తే, అది నిజమైన తప్పో, వారాంతపు ఆవకాయ ఉప్పో చెప్పలేం. మొత్తం దిద్దితే ఒకసారి పైకి, మరోసారి కిందికి లాగుతూ పోవలసి వస్తుంది. సగం దిద్దితే, తప్పు నిజమైనదైనప్పుడు తర్వాతి రెండు వారాల్లో మిగతా సగం కూడా బయటపడుతుంది, నీటి వల్ల వచ్చినదైతే దానంతట అదే మాయమవుతుంది. వంద కేలరీల లోపు తేడా వస్తే నేను అసలు ముట్టుకోను.

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో చూపడానికి ఒక ఉపాధ్యాయురాలి వివరాలు చెబుతాను. ఆమె గాజువాక వైపు నుంచి వస్తారు. వయసు 44, ఎత్తు 155 సెం.మీ., బరువు 68 కిలోలు. సూత్రం ప్రకారం విశ్రాంతి ఖర్చు 1,270. రోజులో ఎక్కువసేపు నిలబడి పాఠం చెబుతారు కాబట్టి తనకు తానే 1.375 గుణకం తీసుకుని, ఖర్చు 1,750 అని లెక్క వేసుకున్నారు. రోజుకు 1,400 తిన్నట్టు నమోదు చేసుకుంటూ వచ్చారు. లోటు 350 కాబట్టి వారానికి 320 గ్రాములు తగ్గాలి. నా దగ్గరికి వచ్చేనాటికి ఆమె నోటుపుస్తకంలో ఈ బరువులు ఉన్నాయి:

మొదటి వారం: 68.4, 68.1, 67.6, 67.5, 67.8, 67.4, 67.5
రెండో వారం: 67.9, 67.6, 67.5, 67.7, 67.4, 67.6, 67.5

మొదటి వారం సగటు 67.76, రెండో వారం సగటు 67.60. తేడా 160 గ్రాములు. "ఆశించినదాంట్లో సగమైనా తగ్గాను కదండీ" అన్నారు ఆమె. కానీ మొదటి మూడు రోజులు తీసేసి మిగిలిన నాలుగు రోజుల సగటు చూస్తే 67.55 వచ్చింది. అంటే నీరు పోయిన తర్వాత బరువు కదలనే లేదు. నెలసరి వల్ల నీరు చేరి ఉంటుందేమోనని అడిగాను. ఆ రెండు వారాలూ దానికి దగ్గర్లో లేవన్నారు. నెలసరికి ముందు రోజుల్లో కిలో వరకు నీరు చేరడం చాలామందిలో కనిపిస్తుంది. అటువంటి వారం లెక్కలోకి వస్తే ఆ రెండు వారాలతో నిర్ణయం తీసుకోను. నాలుగు వారాలు ఆగి, ఒక నెలలో ఏ వారమో, తర్వాతి నెలలో అదే వారంతో పోల్చుతాను.

ఆమె పుస్తకం ప్రకారమైతే 1,400 తింటూ బరువు నిలకడగా ఉన్నారు. సూత్రం 1,750 అంటోంది. తేడా 20 శాతం. సూత్రానికీ ఫలితానికీ తేడా 15 శాతం దాటితే నేను ముందు శరీరాన్ని అనుమానించను, నమోదును అనుమానిస్తాను. జీవక్రియ మందగించిందన్న మాట అందరి నోటా వినిపిస్తుంది కానీ, నేను చూసినంతలో ఇటువంటి తేడాకు కారణం ఎక్కువసార్లు వంటింట్లోనే దొరుకుతుంది.

దొరికింది నూనె. ఆమె రోజుకు మూడు టీస్పూన్లు, అంటే 15 గ్రాములు రాసుకుంటున్నారు. పోపులో వేసేది గరిటెతో, రాసేది స్పూన్లలో. నేను వేరే విధంగా అడిగాను: ఇంట్లో ఎంతమంది, నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు అవుతాయి అని. ముగ్గురు పెద్దవాళ్లు, మూడు లీటరు ప్యాకెట్లు. లీటరు ప్యాకెట్ మీద నికర బరువు 910 గ్రాములని అచ్చువేసి ఉంటుంది. మూడు ప్యాకెట్లంటే 2,730 గ్రాములు, రోజుకు 91, మనిషికి 30 గ్రాములు. పుస్తకంలో ఉన్నదానికి ఇది రెట్టింపు. గ్రాముకు 9 కేలరీల చొప్పున రోజుకు 135 కేలరీలు లెక్కలోకి రాలేదు. డీప్ ఫ్రై చేసి పారబోసే నూనె ఉన్న ఇళ్లలో ఈ లెక్కను కొంచెం తగ్గించుకోవాలి. ఆమె ఇంట్లో అటువంటిది లేదు. నెలకు వాడే ప్యాకెట్లను లెక్కపెట్టే ఈ పద్ధతి ప్రతి వంటలోనూ స్పూను పట్టుకుని కొలవడం కన్నా తేలిక, నా అనుభవంలో దాని కన్నా నిజానికి దగ్గర.

అంటే ఆమె నిజంగా తిన్నది 1,535. బరువు కదలలేదు కాబట్టి ఫలితం చూపించే ఖర్చు కూడా 1,535. సూత్రం చెప్పిన 1,750కీ దీనికీ తేడా 215. సగం దిద్దితే కొత్త అంచనా 1,640. పాఠం చెప్పడానికి నిలబడడం వల్ల ఖర్చు పెరుగుతుంది కానీ, 1.375 గుణకానికి సరిపడేంతగా పెరగలేదు. వారానికి పావు కిలో తగ్గితే చాలని ఇద్దరం అనుకున్నాం. దానికి 275 లోటు కావాలి, అంటే 1,365 తినాలి. తింటున్నదాన్ని 170 తగ్గించాలి. నూనెలో 10 గ్రాములు తగ్గిస్తే 90, రెండు పూటలా కలిపి అన్నంలో 25 గ్రాముల బియ్యం తగ్గిస్తే దాదాపు మిగతాది. కూరలు, పప్పు, గుడ్లు, పెరుగు తగ్గించలేదు. తర్వాతి రెండు వారాల సగటులు 67.4, 67.2 వచ్చాయి. 200 గ్రాములంటే 220 కేలరీల లోటు. 1,365కి 220 కలిపితే 1,585. మన అంచనా 1,640తో తేడా 55 మాత్రమే, కాబట్టి దాన్ని అలాగే వదిలేశాం.

ఈ సందర్భంలో ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. నూనె సంగతి బయటపడకపోయినా ఆమె పని సాగేదే. రోజూ ఒకే తీరుగా నూనెను తక్కువ రాస్తూ పోతే, "నా పుస్తకం లెక్కలో నా నిలకడ ఖర్చు 1,400" అని తేలుతుంది. సగం చొప్పున దిద్దుతూ పోతే రెండు మూడు విడతల్లో ఆమె ఆ సంఖ్య దగ్గరికే చేరుతారు. తినేది కూడా అదే పుస్తకంలో, అదే తప్పుతో రాస్తారు కనుక, రెండు తప్పులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. రెండు వారాల పరీక్షకు ఉన్న బలమంతా ఇదే. అది మీ శరీరాన్నే కాదు, మీ కొలిచే అలవాటును కూడా కలిపి కొలుస్తుంది. ప్రతిరోజూ ఒకేలా ఉండే తప్పు అంత హాని చేయదు. రోజుకో రకంగా మారే తప్పు లెక్క మొత్తాన్ని పాడుచేస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు గ్రాములతో సహా రాసి, శని ఆదివారాలు ఖాళీగా వదిలేసే పుస్తకంతో నేను ఏమీ చేయలేను. మీ విషయంలో అడుగుతున్నాను: నడక అయ్యాక బీచ్ దగ్గర ముంత మసాలా తినే అలవాటు ఉంటే, దాన్ని ప్రతిసారీ ఒకే సంఖ్యతో రాయండి. ఆ సంఖ్య కొంత తప్పైనా ఫర్వాలేదు, రాయకపోవడం మాత్రం కుదరదు.

నమోదు పద్ధతిని మధ్యలో మార్చడం కూడా ఇంతే ప్రమాదకరం. ఎనిమిదో రోజున వంటింటి కాటా కొని, అప్పటి నుంచి కచ్చితంగా రాయడం మొదలుపెడితే, మొదటి వారం 1,800కీ రెండో వారం 1,800కీ అర్థం వేరు. అలా జరిగితే ఆ రోజు నుంచి మళ్లీ 14 రోజులు లెక్కపెట్టండి. లేదా ఉపాధ్యాయురాలి విషయంలో చేసినట్టు, కనుక్కున్న తేడాను వెనకటి రోజులన్నింటికీ కలపండి.

అన్నం విషయంలో ఒక పొరపాటు తరచుగా చూస్తాను. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. అవే వండితే నీరు పట్టి 270 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది, కాబట్టి 100 గ్రాముల అన్నంలో ఉండేది 130 దరిదాపు. యాప్‌లో "బియ్యం" ఎంచుకుని అన్నం బరువు వేస్తే కేలరీలు రెండున్నర రెట్లకు పైగా కనిపిస్తాయి. నమోదు ప్రకారం 2,600 తింటూ వేగంగా బరువు తగ్గుతున్నామని చెప్పేవారి పుస్తకంలో నేను మొదట చూసేది ఇదే. కుటుంబానికంతా ఒకే గిన్నెలో వండేటప్పుడు బియ్యం బరువు ఒకసారి, అన్నం మొత్తం బరువు ఒకసారి చూసి నిష్పత్తి తెలుసుకుంటే చాలు. అదే బియ్యాన్ని అదే కొలత నీళ్లతో వండినన్నాళ్లూ ఆ నిష్పత్తి దాదాపు మారదు.

మీ సంఖ్యలతో ముగిస్తాను. 1,800 తిన్న 14 రోజుల తర్వాత రెండు సగటుల మధ్య తగ్గుదల 260 నుంచి 460 గ్రాముల మధ్య ఉంటే ఏమీ మార్చకండి. 150 గ్రాములే తగ్గితే, ఆశించినదానికి 210 తక్కువ, అంటే 230 కేలరీల తప్పు. సగం దిద్ది ఖర్చును 2,085గా తీసుకోండి, తినేది 1,700 దగ్గరికి తీసుకురండి. 600 గ్రాములు తగ్గితే 240 ఎక్కువ, అంటే 260 కేలరీలు. ఖర్చు 2,330 అవుతుంది, తినేది 1,930కి పెంచండి. వేగంగా తగ్గుతున్నది కదా, ఉండనిద్దాం అనుకోకండి. వేగం ఎక్కువైనకొద్దీ కొవ్వుతో పాటు కండ కూడా పోయే భాగం పెరుగుతుంది, ఆకలి తట్టుకోలేక మధ్యలో మానేసేవారూ ఎక్కువవుతారు. అసలు కదలకపోతే, దిద్దే ముందు పైన చెప్పిన నూనె లెక్క, అన్నం లెక్క, శని ఆదివారాల లెక్క చూడండి.

దిద్దుతూ పోయినా 1,500 కన్నా కిందికి మీరంతట మీరు దిగకండి. ఆడవారికి ఆ హద్దు 1,200. అంతకన్నా తక్కువ తినాలని లెక్క చూపిస్తోందంటే, తిండిని ఇంకా కోయడం కన్నా నమోదును పరిశీలించుకోవడమో, నడక పెంచడమో, తగ్గే వేగాన్ని తగ్గించుకోవడమో మేలు. బరువు నాలుగైదు కిలోలు తగ్గాక సూత్రాన్ని మళ్లీ వేయండి. ఐదు కిలోలకు విశ్రాంతి ఖర్చు 50, గుణకంతో కలిపి 60 కేలరీలు తగ్గుతుంది. తక్కువ తింటున్నప్పుడు తెలియకుండానే కదలికలు కూడా కొంత తగ్గుతాయి కనుక, ఫలితంలో కనిపించే తగ్గుదల అంతకన్నా కొంచెం ఎక్కువ ఉండవచ్చు.

ఈ పద్ధతి వర్తించనివారు కొందరు ఉన్నారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు దీన్ని వాడకూడదు. గుండె, మూత్రపిండాల సమస్యలతో నీరు పట్టేవారికి, నీటిని తీసే మాత్రలు వాడేవారికి బరువులో మార్పు కొవ్వును చూపదు. థైరాయిడ్ మందు మోతాదు ఈ మధ్యే మారినవారు అది కుదురుకునేదాకా ఆగాలి. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవారు తిండి తగ్గించేముందు తప్పనిసరిగా వైద్యుణ్ని కలవాలి. మందు అంతే ఉండి తిండి తగ్గితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. వీటిలో ఏదైనా మీకు ఉంటే 1,800తో మొదలుపెట్టకండి, ముందు ఆ వివరం ఇక్కడ రాయండి.